ముందు ప్రాబ్లమ్ రాయండి

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ క్లాసులో అందరూ ఒక ఈడువాళ్లు ఉండరు. నిన్నగాక మొన్న డిగ్రీ పూర్తిచేసిన కుర్రాళ్ల పక్కనే బ్యాంకులో రిటైరైన పెద్దాయన, డ్యూటీ దిగి వచ్చిన కానిస్టేబుల్, పిల్లల్ని బడికి పంపి వచ్చిన ఇల్లాలు కూర్చుంటారు. వీళ్లంతా ఇదివరకు ఎన్నో పరీక్షలు రాసినవాళ్లే. అయినా మొదటి సెమిస్టర్ దగ్గరపడేసరికి బెంబేలెత్తిపోతారు. హైదరాబాద్‌లో ఒక లా కాలేజీలో ఈమధ్య ఫైనలియర్ చదివే ఒకమ్మాయి జూనియర్లను కూర్చోబెట్టి ఓ పావుగంట మాట్లాడింది. నల్గొండ వైపు యాస, చేతిలో సన్నపాటి బేర్ యాక్ట్. వ్యాఖ్యానాలేవీ లేకుండా చట్టంలో ఉన్నది ఉన్నట్టు అచ్చేసిన పుస్తకాన్ని లా విద్యార్థులు అలా అంటారు. వింటున్నవాళ్లలో చాలామంది తనకన్నా పెద్దవాళ్లే కాబట్టి తమ్ముళ్లూ చెల్లెళ్లూ అనడానికి ఆమెకు నోరు రాలేదు. అన్నా, అక్కా, సార్ అంటూ అందర్నీ కలుపుకుపోయింది.

భయపడొద్దని చెప్పలేదు. పాత ప్రశ్నపత్రం ఒకటి తీసి బోర్డు పక్కన అంటించింది.

ఆ కాలేజీ పేపరు 80 మార్కులకు ఉంటుంది, మూడు గంటల సమయం. మొదటి భాగంలో 6 మార్కుల చిన్న ప్రశ్నలు ఐదు రాయాలి. రెండో భాగంలో 15 మార్కుల వ్యాసాలు రెండు. మూడో భాగంలో 10 మార్కుల ప్రాబ్లమ్స్ రెండు. ప్రాబ్లమ్ అంటే ఒక చిన్న కథ చెప్పి, ఎవరు గెలుస్తారో కారణాలతో నిర్ణయించమని అడిగే ప్రశ్న. డిగ్రీ దాకా మనం రాసిన పరీక్షల్లో ఇలాంటిది సాధారణంగా కనిపించదు. ఫస్టియర్ వాళ్లు తడబడేది ఇక్కడే.

‘‘మార్కుకు రెండు నిమిషాలు. ఈ లెక్క ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చిన్న ప్రశ్నకు పన్నెండు, వ్యాసానికి ముప్ఫై, ప్రాబ్లమ్‌కు ఇరవై. అంతా కలిపితే 160 నిమిషాలు. మిగిలిన ఇరవై పేపరు చదువుకోవడానికి, చివర్ల ఒకసారి చూసుకోవడానికి. మనోళ్లు ఏం చేస్తరంటే, మొదటి భాగంల ఒక్కో చిన్న ప్రశ్నకు రెండేసి పేజీలు రాస్తరు. ప్రాబ్లమ్ దగ్గరికి వచ్చేసరికి పది నిమిషాలు మిగులుతది. అందుకే ముందు ప్రాబ్లమ్సే రాయండి. బుర్ర తాజాగా ఉన్నప్పుడు ఆలోచించేది రాయాలె, అలిసిపోయినంక గుర్తున్నది రాయాలె.’’

ఈ సలహా అందరికీ పనికొస్తుందని చెప్పలేను. మొదట రెండు తెలిసిన ప్రశ్నలు రాస్తే గానీ చెయ్యి ఆడనివాళ్లు ఉంటారు. కానీ నిమిషాల లెక్కను కాదనడానికి లేదు. 6 మార్కుల ప్రశ్నకు ఎన్ని అడిషనల్ షీట్లు కట్టినా ఏడో మార్కు రాదు.

తర్వాత ఆమె బోర్డు మీద ఒక ప్రాబ్లమ్ రాసింది. రవికి పదిహేడేళ్లు. పద్దెనిమిది నిండాయని చెప్పి ఒక దుకాణంలో 20,000 రూపాయల ఫోను కొన్నాడు. 5,000 కట్టాడు, మిగతాది వాయిదాల్లో ఇస్తానని కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఒక్క వాయిదా కూడా కట్టలేదు. దుకాణదారు దావా వేశాడు. నిర్ణయించండి.

‘‘ఎట్ల రాస్తరు?’’ అని అడిగింది. ముందు వరుసలో ఒకబ్బాయి వెంటనే, ‘‘మోహరీ బీబీ కేసు, అక్కా. మైనర్ ఒప్పందం చెల్లదు. దుకాణం ఓడిపోతది’’ అన్నాడు. మైనరంటే పద్దెనిమిది నిండనివాడు. నిర్ణయం సరైనదే. ఆమె మాత్రం ఆ జవాబుకు పదికి నాలుగు మార్కులే వేస్తానంది. మిగతా ఆరు ఎక్కడున్నాయో చూపించడానికే పావుగంటలో ఎక్కువ భాగం పట్టింది.

ముందు, ఈ కథలో తేల్చాల్సిన విషయాలెన్ని? మైనర్‌తో ఒప్పందం చెల్లుతుందా అన్నది మొదటిది. వయసు గురించి అబద్ధం చెప్పాడు కాబట్టి ఇప్పుడు ‘నేను మైనర్‌ని’ అని తప్పించుకోనిస్తారా అన్నది రెండోది. ఫోను మీద దుకాణదారుకు ఏదైనా దారి ఉందా అన్నది మూడోది. ప్రశ్న తయారుచేసినవాళ్లు ‘పద్దెనిమిది నిండాయని చెప్పి’ అనే ముక్కను ఊరికే పెట్టలేదు. ప్రాబ్లమ్‌లో ప్రతి వివరం వెనుకా ఒక మార్కు ఉంటుంది కాబట్టి, చదివేటప్పుడే పెన్సిల్‌తో గీత పెట్టుకోమంది. ఈ మూడు విషయాలనూ మూడు ప్రశ్నలుగా జవాబు మొదట్లోనే రాయాలి.

తర్వాత చట్టం. భారత కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో 11వ సెక్షన్ ఒప్పందం చేసుకోవడానికి ఎవరు అర్హులో చెబుతుంది. మైనారిటీ తీరినవాళ్లు, మతి స్థిమితం ఉన్నవాళ్లు, ఏ చట్టమూ అనర్హులు అననివాళ్లు. అయితే మైనర్ ఒప్పందం పూర్తిగా చెల్లదా, లేక మైనర్ కావాలనుకుంటే రద్దు చేసుకోవచ్చా అన్నది ఆ సెక్షన్ చెప్పదు. దానిమీద చాలాకాలం కోర్టుల్లో భిన్నాభిప్రాయాలు ఉండేవి. దాన్ని తేల్చిందే మోహరీ బీబీ కేసు. 1895లో కలకత్తాలో ధర్మోదాస్ ఘోష్ అనే మైనర్ తన ఇళ్లను తాకట్టుపెట్టి బ్రహ్మోదత్ అనే వడ్డీవ్యాపారికి 20,000 రూపాయలకు పత్రం రాసిచ్చాడు. తర్వాత ఆ తాకట్టును రద్దు చేయమని కోర్టుకెక్కాడు. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1903లో తీర్పు చెబుతూ మైనర్ ఒప్పందం మొదటినుంచీ చెల్లనిదేనంది. ఇచ్చిన సొమ్ము తిరిగి ఇప్పించడానికి కూడా ఒప్పుకోలేదు.

ఇక్కడ ఆమె ఆగి, ‘‘గైడు మాత్రమే చదివినోళ్లు దొరికిపోయేది ఇక్కడనే’’ అంది. ఆ కేసులో వ్యాపారి తరఫున వ్యవహారం నడిపిన మనిషికి కుర్రాడు మైనరని ముందే తెలుసు. కుర్రాడి తల్లి తరఫున ఉత్తరం కూడా అందింది. ఇద్దరికీ నిజం తెలిసిన చోట ‘నువ్వు అబద్ధం చెప్పి నన్ను నమ్మించావు’ అనే వాదనకు తావే లేదని ప్రివీ కౌన్సిల్ అంది. ఒక మాట చెప్పి, అవతలివాడు దాన్ని నమ్మాక తిరగబడకుండా ఆపే ఈ సూత్రాన్ని ఎస్టాపెల్ అంటారు. మన ప్రాబ్లమ్‌లో దుకాణదారుకు నిజం తెలియదు, రవి మాట నమ్మాడు. అంటే రెండో ప్రశ్నకు మోహరీ బీబీ కేసు నేరుగా జవాబు చెప్పదు. దానికి 1928లో ప్రివీ కౌన్సిలే చెప్పిన సాదిక్ అలీ ఖాన్ కేసు కావాలి. మైనర్ రాసిన పత్రం అసలు లేనట్టే లెక్క కాబట్టి దాని ఆధారంగా ఎస్టాపెల్ వాదన నిలవదని అందులో తేల్చారు. అందుచేత అబద్ధం చెప్పినా రవి తన వయసును కోర్టులో ముందుకు తేవచ్చు.

నాకు ఈ పావుగంటలో బాగా నచ్చింది ఈ భాగమే. తీర్పు పేరు తెలిసి ఉండటం వేరు, ఆ తీర్పులోని సంగతులకూ మన ముందున్న సంగతులకూ తేడా ఎక్కడుందో చూడటం వేరు. రేపు కోర్టులో వకీళ్లు రోజూ చేసేది ఈ రెండో పనే. ‘ఆ కేసు మా కేసుకు వర్తించదు మిలార్డ్’ అనే వాదన పుట్టేది ఇలాంటి తేడాల్లోంచే.

ఇక ఫోను. మైనర్ బతకడానికి అవసరమైన సరుకులు ఇచ్చినవాళ్లకు 68వ సెక్షన్ కింద అతని ఆస్తి నుంచి ఖర్చు రాబట్టుకునే వీలుంది. మైనర్ మీద మాత్రం సొంతంగా బాధ్యత పడదు. 20,000 ఫోను అవసరమా, విలాసమా? కుర్రాడి కుటుంబ స్తోమతను బట్టి, అప్పటికే ఇంకో ఫోను ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కథలో ఆ వివరాలు లేవు. లేనప్పుడు రెండు వైపులా ఒక్కో వాక్యం రాసి, దుకాణదారు దాన్ని రుజువు చేయాల్సి ఉంటుందని చెప్పి ముందుకు సాగిపొమ్మంది. చివరి దారి 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని 33వ సెక్షన్. దావా పడిన మైనర్ ‘ఒప్పందానికి నేను అర్హుణ్ణి కాను’ అని గెలిస్తే, తాను పొందిన లాభాన్ని వీలైనంత వరకు తిరిగి ఇమ్మని కోర్టు చెప్పవచ్చు. అంటే ఫోను రవి దగ్గరే ఉంటే దాన్ని వెనక్కి ఇప్పించే అవకాశం ఉంది.

నిర్ణయం రెండు వాక్యాలే. బాకీ పడ్డ 15,000 కోసం దావా నిలవదు. ఫోను వెనక్కి ఇప్పించమని కోరవచ్చు. మొత్తం జవాబు ఒకటిన్నర పేజీ దాటదు, ఇరవై నిమిషాల్లో పూర్తవుతుంది.

‘‘మరి కట్టిన 5,000 సంగతేంది అక్కా?’’ అని వెనకనుంచి ఎవరో అడిగారు. ‘‘అది ప్రశ్నల అడిగిండా? అడగలేదు. దుకాణం దావా ఏమైతదో అడిగిండు. అడగనిదానికి పోతే ఇంకో ప్రాబ్లమ్‌కు టైముండదు’’ అని తోసేసింది. ఈ నిగ్రహం చాలామందికి ఉండదు. తెలిసినదంతా కాగితం మీద కుమ్మరిస్తే దిద్దేవాళ్లు జాలిపడి మార్కులేస్తారన్న నమ్మకం మనకు పదో తరగతి నుంచీ వచ్చింది.

ఆఖర్లో బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన చెయ్యెత్తారు. ‘‘అమ్మా, ఈ వయసులో సెక్షన్ నంబర్లు నిలబడట్లేదు. ఏం చేయమంటావు?’’

‘‘సార్, సూత్రాన్ని మీ మాటల్ల సరిగ్గా రాయండి. నంబరు మీద అనుమానముంటే ‘కాంట్రాక్టు చట్టం ప్రకారం’ అని వదిలేయండి. తప్పు నంబరు రాసేకన్న అది నయం. కేసు పేరు గుర్తులేకపోతే ‘ఒక ప్రివీ కౌన్సిల్ తీర్పుల’ అని సంగతి రాయండి. లేని కేసు పేరు మాత్రం పుట్టించొద్దు. పేపరు దిద్దేటోళ్లు మనకన్న ఎక్కువ కేసులు చదివినోళ్లు.’’ తర్వాత చేతిలోని బేర్ యాక్ట్ ఆయనకిచ్చి, కాంట్రాక్టు పేపరుకు 10 నుంచి 30 దాకా సెక్షన్లు గైడుతో పనిలేకుండా ఇందులోనే చదవమంది.

సెకండ్ హ్యాండ్ పుస్తకాలు కొనేవాళ్లకు ఆమె చెప్పిన మరో జాగ్రత్త ఇక్కడ చెప్పాలి. ఎస్టాపెల్ గురించి పాత పుస్తకాల్లో సాక్ష్య చట్టం 115వ సెక్షన్ అని ఉంటుంది. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది, నంబర్లు మారిపోయాయి. ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చిందీ ఆ రోజే. కాంట్రాక్టు చట్టం మారలేదు కాబట్టి ఆ పుస్తకం పాతదైనా ఫరవాలేదు. మిగతావి కొనేముందు అచ్చయిన సంవత్సరం చూసుకోండి.