దసరా సరుకు, ఆషాఢం బీమా

ఒక బట్టల కొట్టు లెక్క చూద్దాం. ఆషాఢం సేల్‌లో పాత సరుకు పోయాక అరల్లో మిగిలింది 40 లక్షలు. శ్రావణం పెళ్లిళ్లకూ దసరాకూ సూరత్ బేళ్లు దిగేసరికి అదే కొట్లో 90 లక్షలు. బీమా మాత్రం 45 లక్షలకే ఉంది. బ్యాంకు ఇచ్చిన అప్పు అంతే కాబట్టి, పాలసీ కూడా అంతకే చేయించారు. అప్పుకు కొలత వేరు, సరుకుకు కొలత వేరు.

దసరాకు వారం ముందు షార్ట్ సర్క్యూట్‌తో 30 లక్షల సరుకు కాలిపోయింది. 45 లక్షల పాలసీలో 30 లక్షలు రావడానికేం అని యజమాని ధీమా. సర్వేయర్ మాత్రం ప్రమాదం నాటికి కొట్లో మొత్తం సరుకెంతో తేలుస్తాడు. ఏప్రిల్ నాటి నిల్వ 40 లక్షలు, ఆ తర్వాత కొన్నది కోటీ 30 లక్షలు. అమ్మకాలు కోటి, అందులో 20 శాతం లాభం తీసేస్తే అసలు 80 లక్షలు. మిగలాల్సింది 90 లక్షలు. అందులో సగానికే బీమా ఉంది కనుక నష్టంలోనూ సగమే, 15 లక్షలే ఇస్తారు.

5 కోట్ల లోపు ఆస్తులున్న వ్యాపారాల కోసం 2021లో వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో 15 శాతం దాకా తరుగును పట్టించుకోరు. ఈ కొట్టుకు 80 లక్షల బీమా ఉండి ఉంటే ఈ కోత పడేది కాదు.

ఇక బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్. పరిమితి పెంచుకోవాలని అందులో కోటీ 20 లక్షలు రాస్తే, సర్వేయర్ ఆ కాగితమూ అడుగుతాడు. ఏ లెక్క నిజమో తేలేదాకా క్లెయిమ్ కదలదు.

అందుకే ఏడాదిలో సరుకు అత్యధికంగా ఉండే రోజు విలువకే బీమా చేయించాలి. అదీ అమ్మకం ధరకు కాదు, కొన్న ధరకు. కాలిన సరుకు మీద అంతకుముందు తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ వెనక్కి కట్టాలి. కాబట్టి ఆ పన్ను కూడా కలిపి లెక్కేసి, ఆ సంగతి పాలసీలో రాయించుకోవడం మేలు. పండగ నెలలకే పెంచుకోవాలంటే ఎండార్స్‌మెంట్ తీసుకోవచ్చు. బేళ్లు దిగకముందే అడగాలి.

పెద్ద నిల్వలకు డిక్లరేషన్ పాలసీ ఉంది. అత్యధిక విలువకు ముందే ప్రీమియం కట్టి, నెలనెలా ఉన్న సరుకు విలువ చెబుతూ పోతే, ఏడాది చివర ఎక్కువైనది కొంత తిరిగిస్తారు. సాధారణంగా సగానికి మించి ఇవ్వరు. ఒక నెల చెప్పడం మానేస్తే ఆ నెల పూర్తి మొత్తం సరుకు ఉన్నట్టే లెక్క. తిరిగొచ్చేది పెరగాలని తక్కువ చెప్పారా, ప్రమాదానికి ముందు ఇచ్చిన ఆఖరి డిక్లరేషన్‌నే పట్టుకుంటారు. 80 లక్షలు చెప్పాల్సిన చోట 60 చెప్తే, పాలసీ మొత్తం ఎంతున్నా నష్టంలో నాలుగింట మూడొంతులే చేతికొస్తుంది.