మగ్గం జాకెట్టుకి ధర ఎలా కట్టాలి?

ఇంటి దగ్గర కూర్చుని మగ్గం వర్కు చేసే అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! మన గోదావరిఖని, రామగుండం వైపు క్వార్టర్లలో ఈ పని చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. పని చెయ్యి తిరిగేదాకా ఒక కష్టం. తిరిగాక ధర చెప్పడం ఇంకో కష్టం. బజారుకి వెళితే కంప్యూటర్ వర్కు జాకెట్లు వరసగా వేలాడుతుంటాయి. కాస్త దూరం నుంచి చూస్తే అచ్చం మన పనిలాగే కనిపిస్తాయి, ధర మాత్రం సగం. "వదినా, గదే డిజైను బజార్ల తొమ్మిది వందలకే ఇస్తున్నరు, నువ్వేంది పందొమ్మిది వందలంటవు?" అని పక్కింటావిడ అడిగితే మనలో చాలామంది మొహమాటపడి వెంటనే తగ్గించేస్తారు. అలా తగ్గించే ముందు ఒక్కసారి కాగితం మీద లెక్క వేసి చూడండి.

ముందు గంటల సంగతి. రెండు రోజుల్లో అయిపోయిందని నోటితో అంటాం గానీ, ఆ రెండు రోజుల్లో ఎన్ని గంటలు కూర్చున్నామో మనకే తెలియదు. ఫస్ట్ షిఫ్టుకి క్యారేజీ కట్టి, నల్లా నీళ్ళు పట్టుకుని, పిల్లల్ని బడికి పంపాక కూర్చుంటాం. మధ్యలో నాలుగుసార్లు లేస్తాం. అందుకని మగ్గం పక్కనే ఒక నోటుపుస్తకం పెట్టుకుని, కూర్చున్న టైమూ లేచిన టైమూ రాసుకోవాలి. ఏ భాగానికి ఎంతసేపు పట్టిందో కూడా విడిగా రాయాలి. ముందు ముందు ఇదే మనకి పనికొస్తుంది.

గంటకు ఎంత వేసుకోవాలంటారా? మీ ఊళ్ళో మగ్గం పనివాళ్ళకి ఇచ్చే రోజుకూలి కనుక్కుని, వాళ్ళు పనిచేసే గంటలతో భాగించండి. ఇక్కడ లెక్క కోసం గంటకు 60 రూపాయలు అనుకుందాం.

ఇప్పుడొక జాకెట్టు తీసుకోండి. గుడ్డ ఆవిడే ఇచ్చింది. వెనక మెడ చుట్టూ జర్దోసీ, కుందన్లు. చేతుల అంచుకి పట్టుదారంతో నిండుగా ఆకులు. మిగతా చేతి మీద చిన్న బుటాలు. డిజైను దింపి గుడ్డని ఫ్రేముకి బిగించడానికి 2 గంటలు, మెడకి 7, ఆకుల ఫిల్లింగుకి 9, బుటాలకి 4. మొత్తం 22 గంటలు. అంటే కూలి 1320 రూపాయలు. దారాలు, జర్దోసీ, పూసలు, కుందన్లు, గమ్ము కలిపి 350. సరుకు తేవడానికి ఆటో చార్జీలు, సూదులు, లైటు ఖర్చు 80. పూసలు ఊడితే మళ్ళీ కుట్టి ఇవ్వడానికి 150. అన్నీ కలిపితే 1900 అయింది. ఇందులో ఎక్కువ వేసుకున్నది ఏమీ లేదు.

అదే జాకెట్టుని బజారు ధర 900కి ఒప్పుకున్నారనుకోండి. కూలి కాని ఖర్చులు 580 తీసేస్తే మిగిలేది 320. దాన్ని 22 గంటలకి పంచితే గంటకి పదిహేను రూపాయలు కూడా రాదు. పైగా క్వార్టర్ల లైన్లలో పొద్దున చెప్పిన ధర సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. రేపు వచ్చే ఆవిడ కూడా 900కే అడుగుతుంది.

మరి షాపువాడికి ఎలా గిడుతుంది? డిజైను ఒక్కసారి కంప్యూటర్లో చేయించుకుంటే దాన్ని ఎన్ని వందల జాకెట్లకైనా వాడుకుంటాడు. పెద్ద మిషన్లయితే ఒకేసారి చాలా ముక్కల మీద కుట్టేస్తాయి. నిండుగా నింపే కుట్టు మనకి గంటల పని, మిషనుకి నిమిషాల పని. అసలు కిటుకు ఇక్కడే ఉంది. పైన లెక్కలో ఎక్కువ సమయం తిన్నది 9 గంటల ఆకుల ఫిల్లింగు. మిషను బాగా చేసేదీ అదే. కొనేవాళ్ళకి తేడా తెలియని చోట మనం ఎక్కువ గంటలు పోస్తున్నాం అన్నమాట.

అంచేత ఆవిడ దగ్గర డబ్బు తక్కువుంటే మన గంట ధర తగ్గించకండి, పని తగ్గించండి. ఆకులు, బుటాలు తీసేసి, మెడ మీద జర్దోసీ, కుందన్లు అలాగే ఉంచి, చేతులకి ఒక సన్నని పూసల వరస వెయ్యండి. బిగింపుకి 2, మెడకి 7, వరసకి 3, మొత్తం 12 గంటలు. కూలి 720, సరుకు 250, పైఖర్చులు 80, రిపేరుకి 100. మొత్తం 1150 రూపాయలు. బజారు ధరకంటే ఇంకా 250 ఎక్కువే. అయితే ఆ 250 ఎందుకో ఇప్పుడు చూపించగలం: ఆవిడ కొలతకి, ఆవిడ కోరిన మెడ ఆకారానికి సరిగ్గా వచ్చిన డిజైను, స్ప్రింగులా ఉండే అసలు జర్దోసీ, పూస ఊడితే మళ్ళీ కుట్టి ఇచ్చే మనిషి.

ఆకులు ఉండాల్సిందే అంటే ఇంకో దారి ఉంది. ఫిల్లింగు మటుకు కంప్యూటర్ షాపులో కుట్టించి, దాని మీద పూసలు, కుందన్లు మనం చేత్తో వెయ్యొచ్చు. కానీ ఆ మాట ఆవిడకి ముందే చెప్పాలి. మొత్తం చేతిపని అని చెప్పి డబ్బు తీసుకోకూడదు.

చేతిపని అని ఎలా నమ్ముతారు? పోచంపల్లి చీర సంగతి మీకు తెలిసిందే. అక్కడ నూలుకి ముందే రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైను రెండువైపులా కనిపిస్తుంది. దాన్ని చూసి ప్రింటు వేసిన చీర వెనక సాధారణంగా వెలిసినట్టుంటుంది. చేనేతకి 2006లో కేంద్ర ప్రభుత్వం హ్యాండ్‌లూమ్ మార్క్ కూడా తెచ్చింది. మన ఇంట్లో కుట్టే జాకెట్టుకి అలాంటి ముద్ర వేసేవాళ్ళు లేరు గానీ, తిప్పి చూపించే పద్ధతి మనకీ పనికొస్తుంది. కంప్యూటర్ వర్కుని తిరగేస్తే తరచుగా కింది దారం ఒకే రంగులో దట్టంగా, దాని కింద తెల్లని కాగితంలాంటి ముక్క అంటుకుని కనిపిస్తాయి. పై ఆకులన్నీ కొలిచినట్టు ఒకేలా ఉంటాయి. మన పని వెనక చిన్న చిన్న కుట్లు, దారం ముడులు ఉంటాయి, ఆకుకీ ఆకుకీ రవ్వంత తేడా ఉంటుంది. లైనింగు వేశాక వెనకవైపు కనబడదు కనుక, రెండు రకాల చిన్న ముక్కలు పక్కపక్కన పెట్టుకుని చూపించండి. ఒక్క జాగ్రత్త. ఇప్పుడు గొలుసు కుట్టు, చమ్కీలు కుట్టే మిషన్లు కూడా వచ్చాయి. వాటిని చూపించి ఇది చేతిపనే అని వాదిస్తే నిలబడదు. జర్దోసీ, కుందన్ల బిగింపు చూపించండి.

కొందరు షాపులో కొన్న జాకెట్టు ఫోటో తెచ్చి, అచ్చం ఇలాగే ఇంకా తక్కువకి కుట్టమంటారు. అది నిండా ఫిల్లింగే అయితే షాపులోనే తీసుకోమని నవ్వుతూ చెప్పెయ్యండి. ఆ ఆర్డరు ఏ ధరకి తీసుకున్నా మనకి గిట్టదు.

సింగరేణి లాభాల వాటా దసరా ముందు చేతికొస్తే ఆర్డర్లు ఒక్కసారిగా ముంచుకొస్తాయి. అప్పుడు ఒక్కొక్కరితో బేరమాడే తీరిక ఉండదు. అందుకే ఇప్పుడే చిన్న, మధ్య, పెద్ద పనులకి మూడు నమూనాలు కుట్టి, పట్టిన గంటలూ ధరా ఒక్కొక్కదాని వెనక చీటీ మీద రాసి పెట్టుకోండి. ఎవరైనా తగ్గించమంటే ధర మీద వేలు పెట్టనివ్వకుండా, దానికంటే చిన్న నమూనా చేతికివ్వండి.