మీకు తెలుసా? రెండు మాత్రలకు రెండు గడియారాలు

పన్ను పీకించుకున్నాక నొప్పికి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మార్చి మార్చి వేసుకునేవారు చాలామంది ‘ఇందాకటి మాత్ర వేసుకుని మూడు గంటలైంది’ అని లెక్కపెడతారు. చూడాల్సింది అది కాదు, అదే మందు కిందటిసారి ఎప్పుడు వేసుకున్నామన్నది.

ఉదయం 6కు పారాసిటమాల్ 650 మిల్లీగ్రాములు వేసుకుంటే మళ్లీ అది మధ్యాహ్నం 12కు, సాయంత్రం 6కు, రాత్రి 12కు. టిఫిన్ తిన్నాక 9కి ఐబుప్రొఫెన్ 400 వేసుకుంటే తర్వాతది సాయంత్రం 5కు, ఆపైన అవసరమైతేనే రాత్రి 1కి, అదీ కాస్త ఏదైనా తిని. మొత్తం పారాసిటమాల్ 2,600, ఐబుప్రొఫెన్ 1,200. ఆరోగ్యవంతులైన పెద్దలకు 24 గంటల్లో పారాసిటమాల్ 4,000 దాటకూడదు. డాక్టరు చెప్పకుండా ఐబుప్రొఫెన్ 1,200 దాటకూడదు. 50 కిలోల లోపు బరువున్నవారికి, కాలేయ జబ్బున్నవారికి, రోజూ మద్యం తాగేవారికి పారాసిటమాల్ పరిమితి ఇంకా తక్కువ. దాన్ని డాక్టరే చెప్పాలి.

అసలు చిక్కు మన మందుల షాపుల్లో దొరికే జంట మాత్రతో వస్తుంది. ఒక్కదానిలోనే ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 325 ఉంటాయి. అది వేసుకుంటే రెండు గడియారాలూ మళ్లీ మొదటికొస్తాయి. జలుబు మాత్రల్లోనూ తరచుగా పారాసిటమాల్ ఉంటుంది, అందుకే అట్ట వెనక చదవండి.

కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గర్భం ఉన్నవారు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఐబుప్రొఫెన్ జోలికి వెళ్లవద్దు. డెంగీ అనుమానమున్న జ్వరానికి అసలే వద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పారాసిటమాల్ మోతాదు మించితే మొదటిరోజు ఏమీ తెలియకపోవచ్చు. బాగానే ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.