తేదీ తప్పిన ఫోన్‌కి వాట్సాప్ ఎందుకు తెరుచుకోదు

బీరువాలో కొన్ని నెలలు పడి ఉన్న పాత ఫోన్‌ని ఛార్జింగ్‌కి పెట్టి, సిమ్ లేకుండానే వైఫైకి కలిపి వాట్సాప్ తెరిస్తే చాట్‌లకు బదులు ఒక హెచ్చరిక కనిపించవచ్చు: "Your phone date is inaccurate! Adjust your clock and try again." ఫోన్‌లో తేదీ తప్పుగా ఉంది, సరిచేసి మళ్లీ చూడమని దాని అర్థం. చాలామంది వాట్సాప్ పాడైందనుకుని యాప్ తీసేసి మళ్లీ వేసుకుంటారు. దానివల్ల ఫలితం ఉండదు, పైగా బ్యాకప్ లేకపోతే పాత చాట్‌లు పోతాయి. ఇక్కడ తప్పు యాప్‌ది కాదు, ఫోన్ గడియారానిది.

మెసేజ్ పంపుకునే యాప్‌కి తేదీతో పనేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. ఒక కారణం చిన్నది. వాట్సాప్‌లో ప్రతి వెర్షన్‌కీ ఒక గడువు ఉంటుంది. ఫోన్ తేదీని ఏడాది ముందుకు జరిపితే, నిన్న వేసుకున్న యాప్ కూడా తన గడువు దాటిపోయిందనుకుంటుంది. ఆటల్లో అయిపోయిన ప్రాణాలు వెంటనే రావాలని పిల్లలు తేదీని ముందుకు జరిపి, వెనక్కి మార్చడం మరిచిపోయిన ఇళ్లలో ఈ చిక్కు తరచూ వస్తుంది.

రెండో కారణం పెద్దది, ఒక్క వాట్సాప్‌కే పరిమితం కాదు. బ్యాంకు యాప్ అయినా, బ్రౌజర్ అయినా ఒక సర్వర్‌తో రహస్యంగా మాట్లాడే ముందు అది అసలైనదేనా అని చూసుకోవాలి. అందుకు సర్వర్ ఒక డిజిటల్ సర్టిఫికెట్ చూపిస్తుంది. ఆ సైట్ పేరు, దాని తాళంచెవిలో బయటికి చెప్పదగ్గ సగం, దాన్ని ధ్రువీకరించిన సంస్థ సంతకం అందులో ఉంటాయి. వాటితోపాటు రెండు తేదీలూ ఉంటాయి: ఫలానా క్షణం నుంచి చెల్లుతుంది, ఫలానా క్షణం వరకు చెల్లుతుంది. మందుల స్ట్రిప్ మీద గడువు తేదీ ఎంత స్పష్టంగా ముద్రించినా, ఈ రోజు ఏ తేదీయో తెలియనివాడికి ఆ మందు వేసుకోవచ్చో లేదో తేలదు. ఫోన్ పరిస్థితీ అదే. సంతకాన్ని అది లెక్క వేసి నిర్ధారించుకోగలదు. తేదీ విషయంలో మాత్రం తన గడియారాన్నే నమ్మాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక సైట్ సర్టిఫికెట్ 2025 జూన్ 10 నుంచి సెప్టెంబర్ 8 వరకు, అంటే 90 రోజులు చెల్లుతుందనుకుందాం. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ లక్షల సైట్లకు ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్ల మామూలు గడువు ఇదే. నిజమైన తేదీ జూలై 20. మీ ఫోన్ 2024లో ఉంటే, సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదంటుంది. 2026లో ఉంటే గడువు ముగిసిందంటుంది. రెండు సందర్భాల్లోనూ సైట్ తెరుచుకోదు. ఫోన్ రెండు రోజులే వెనకబడి జూలై 18 చూపిస్తోందనుకోండి. ఈ సైట్ మామూలుగానే తెరుచుకుంటుంది. కానీ ఈ రోజు ఉదయమే సర్టిఫికెట్ మార్చుకున్న మరో సైట్ తెరుచుకోదు, ఎందుకంటే మీ ఫోన్ లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనేలేదు. కొన్ని సైట్లు వస్తూ, కొన్ని రాకుండా విసిగించే ఫోన్‌లో ముందుగా తేదీని చూడాలనేది అందుకే.

క్రోమ్ బ్రౌజర్ ఈ సంగతిని కాస్త వివరంగానే చెబుతుంది. గడియారం వెనకబడిందని తాను గుర్తుపడితే "Your clock is behind" అనీ, ముందుంటే "Your clock is ahead" అనీ చూపిస్తుంది. కింద NET::ERR_CERT_DATE_INVALID అన్న కోడ్ ఉంటుంది. తప్పు మీ ఫోన్‌దా, సైట్‌దా అని తేల్చుకోవడం కష్టం కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని సైట్లు మీ ఫోన్‌లో మాత్రమే ఆగిపోతే మీ గడియారాన్ని చూసుకోండి. ఒకే సైట్ అందరి ఫోన్లలోనూ ఆగిపోతే, సర్టిఫికెట్ పునరుద్ధరించడం ఆ సైట్‌వాళ్లే మరిచిపోయి ఉంటారు.

హెచ్చరికను దాటి ముందుకెళ్లే దారి బ్రౌజర్లలో కొన్నిసార్లు ఉంటుంది. ఆ దారిన వెళ్లవద్దని గట్టిగా చెప్తాను. గడువు ఊరికే పెట్టినది కాదు. 2011లో నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ అనే ధ్రువీకరణ సంస్థలోకి హ్యాకర్లు చొరబడి, గూగుల్ పేరుతో దొంగ సర్టిఫికెట్ పుట్టించుకున్నారు. దాన్ని ఇరాన్‌లోని జీమెయిల్ వాడకందారులను మోసగించడానికి వాడారు. సంతకం అసలైనదే కాబట్టి చాలా బ్రౌజర్లకు అనుమానం రాలేదు. జూలైలో జారీ అయిన ఆ సర్టిఫికెట్ ఆగస్టు చివరిలో గానీ రద్దు కాలేదు. రద్దు కబురు ప్రతి ఫోన్‌కీ సకాలంలో చేరుతుందన్న నమ్మకం లేదు. గడువు తేదీ మాత్రం సర్టిఫికెట్‌లోనే ఉంటుంది, ఏ కబురూ అక్కర్లేకుండా ఒక రోజున దాన్ని చెల్లకుండా చేస్తుంది. మీ ఫోన్ గడియారాన్ని ఎవరైనా వెనక్కి తిప్పగలిగితే, అలా చచ్చిపోయిన సర్టిఫికెట్ మళ్లీ బతుకుతుంది.

అసలు గడియారం ఎందుకు తప్పుతుంది? ఫోన్ ఆపేసినా లోపల ఒక చిన్న గడియారం బ్యాటరీతో నడుస్తూనే ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా ఇంకిపోయినా, మార్చినా అది ఆగిపోతుంది. అప్పుడు కొన్ని ఫోన్లు 1970 జనవరి 1కి వెళ్తాయి. చాలా పరికరాలు కాలాన్ని ఆ రోజు నుంచే సెకన్లలో లెక్కిస్తాయి. కొన్ని ఫోన్లు తమ సాఫ్ట్‌వేర్ తయారైన తేదీని చూపిస్తాయి. ఆ తర్వాత సరైన సమయం సిమ్ ఉంటే సెల్ టవర్ నుంచి, లేకపోతే ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్ల నుంచి రావాలి. తేదీ తెలియనిదే సర్టిఫికెట్‌ని సరిచూడలేదు గనుక, టైమ్ సర్వర్‌ని అడిగేటప్పుడు ఫోన్ సాధారణంగా ఆ రక్షణ లేకుండానే అడుగుతుంది. ఎన్‌టీపీ అనే ఈ పద్ధతి 123వ నంబరు పోర్టు మీద నడుస్తుంది. కొన్ని కాలేజీలు, ఆఫీసుల వైఫైలో ఆ పోర్టు మూసి ఉంటుంది. సిమ్ లేని ఫోన్ అక్కడ ఎంతసేపున్నా తేదీ తనంతట తాను సరికాకపోవచ్చు. వేరే ఫోన్ హాట్‌స్పాట్‌కి కాసేపు కలిపితే పని అయిపోతుంది.

మామూలుగా చేయాల్సింది ఇంతే: ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో Date & time తెరిచి, సమయాన్ని, టైమ్ జోన్‌ని ఆటోమేటిక్‌లో పెట్టడం. ఐఫోన్‌లో అయితే General కింద Date & Time లో Set Automatically. చేత్తో మార్చాల్సి వస్తే సంవత్సరాన్ని తప్పకుండా చూడండి. రోజు, నెల సరిగ్గా ఉండి సంవత్సరం ఒక్కటే తప్పినప్పుడు కంటికి ఆనదు.

టైమ్ జోన్‌లో ఇంకో చిక్కుంది. ఆటోమేటిక్ ఆపేసిన ఫోన్‌తో ఒకాయన దుబాయ్ నుంచి హైదరాబాద్‌లో దిగాడనుకుందాం. ఇక్కడ ఉదయం 10 గంటలైతే ఫోన్ 8:30 చూపిస్తుంది. ఆయన జోన్ మార్చకుండా, అంకెలను 10కి జరుపుతాడు. తెర మీద అంతా సరిగ్గానే ఉంటుంది. కానీ ఫోన్ లోపల లెక్కించుకునేది ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ సమయాన్ని. ఇంకా దుబాయ్‌లోనే ఉన్నాననుకునే ఫోన్ ఇప్పుడు నిజానికి గంటన్నర ముందుంది. నెలల తరబడి చెల్లే సర్టిఫికెట్‌కి గంటన్నర లెక్కలోది కాదు, సైట్లు తెరుచుకుంటాయి. అయితే ఆథెంటికేటర్ యాప్‌లో మారుతూ ఉండే ఆరంకెల కోడ్ సాధారణంగా 30 సెకన్లకు ఒకసారి, ఈ సమయాన్ని బట్టే తయారవుతుంది. ఆయన ఎంత జాగ్రత్తగా టైప్ చేసినా సర్వర్ దాన్ని తప్పంటుంది. జోన్‌ని భారత్‌కి మార్చి, సమయాన్ని ఆటోమేటిక్ చేస్తే రెండూ కుదురుకుంటాయి.

గడియారాల తప్పుకు ఇప్పటివరకు దొరికిన వెసులుబాటు తగ్గిపోతోంది. బ్రౌజర్ల తయారీదారులు, ధ్రువీకరణ సంస్థలు కలిసి 2025లో తీసుకున్న నిర్ణయం ప్రకారం, అప్పటికి 398 రోజులుగా ఉన్న సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు విడతలుగా దిగివచ్చి 2029 మార్చి 15 నుంచి 47 రోజులవుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అయితే ఆరు రోజుల సర్టిఫికెట్లను కూడా 2025లోనే మొదలుపెట్టింది. అలాంటి సర్టిఫికెట్ వాడే సైట్, వారం రోజులు వెనకబడిన ఫోన్‌లో ఏ రోజు ప్రయత్నించినా తెరుచుకోదు.