సీఎం రిలీఫ్ ఫండ్: ఎస్టిమేట్ ఎప్పుడు పనికొస్తుంది, బిల్లు ఎప్పుడు పనికొస్తుంది?

గోదావరిఖని, ఎన్టీపీసీ, యైటింక్లైన్ కాలనీ వైపు నుంచి చాలామంది అడిగే ప్రశ్న ఇది: "అన్నా, హాస్పిటల్ వాళ్లు ఎస్టిమేట్ ఇచ్చిండ్రు, దీన్ని సీఎం రిలీఫ్ ఫండ్‌కు పెడితే పైసలు వస్తాయా?" దీనికి జవాబు ఆ ఎస్టిమేట్ ఏ హాస్పిటల్ ఇచ్చిందన్న దాని మీద ఉంటుంది.

సీఎంఆర్‌ఎఫ్‌లో రెండు దారులున్నాయి. మొదటిది ఎల్‌ఓసీ. ట్రీట్‌మెంట్‌కు ముందే, "ఈ పేషెంట్ ఖర్చులో ఇంత మేము ఇస్తాం" అని ప్రభుత్వం హాస్పిటల్‌కు రాసిచ్చే లెటర్ అన్నమాట. ఇది ముఖ్యంగా హైదరాబాద్ నిమ్స్ లాంటి సంస్థలకు ఇస్తారు. ఎస్టిమేట్ పనికొచ్చేది ఇక్కడే. రెండోది రీయింబర్స్‌మెంట్. ప్రైవేట్ హాస్పిటల్‌లో మీరే కట్టుకుని, డిశ్చార్జ్ అయ్యాక బిల్లులతో అప్లై చేయాలి. ఇక్కడ ఎస్టిమేట్‌తో పని లేదు, ఒరిజినల్ బిల్లులే కావాలి.

ఉదాహరణకు, ఓపెన్‌కాస్ట్‌లో కాంట్రాక్ట్ డ్రైవర్‌గా చేసే ఒక తమ్ముడి నాన్నకు వెన్నెముక ఆపరేషన్ చేయాలి అనుకుందాం. ఫస్ట్ చూడాల్సింది ఆరోగ్యశ్రీ. 2023 డిసెంబర్ నుంచి దాని పరిమితి 10 లక్షలు. ఆ ఆపరేషన్ అందులో ఉంటే సీఎంఆర్‌ఎఫ్ దాకా పోవాల్సిన పనే లేదు. ఈఎస్‌ఐ కార్డు ఉన్నా, రిటైరైన కార్మికుడికి సింగరేణి మెడికల్ కార్డు ఉన్నా ముందు అవే వాడాలి. అదే బిల్లును రెండు చోట్ల పెట్టకూడదు.

ఆరోగ్యశ్రీలో రాలేదు, నిమ్స్‌లో చూపించారు అనుకోండి. అక్కడి డాక్టర్ దగ్గర 2,80,000 రూపాయలకు ఎస్టిమేట్ తీసుకోవాలి. అది హాస్పిటల్ లెటర్‌హెడ్ మీద ఉండాలి. పేషెంట్ పేరు, హాస్పిటల్ రిజిస్ట్రేషన్ నంబర్, జబ్బు, చేయబోయే ఆపరేషన్, మొత్తం, డాక్టర్ సంతకం, ముద్ర అన్నీ చూసుకోండి. చీటీ మీద రాసిచ్చిన అంకె చెల్లదు.

ఆ ఎస్టిమేట్‌కు ఆధార్, ఆదాయ రుజువు జతచేసి ఎమ్మెల్యే ఆఫీసులో ఇవ్వాలి. ఖనిలో ఉండేవాళ్లకు రామగుండం ఎమ్మెల్యే. సెంటినరీ కాలనీ మాత్రం మంథని నియోజకవర్గం కిందికి వస్తుంది, ఇది గుర్తుపెట్టుకోండి.

ఆదాయ రుజువు అంటే రేషన్ కార్డు. అది లేకపోతే మీసేవలో ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కు అప్లై చేయాలి. ఎంక్వైరీ అయ్యి తహసీల్దార్ సంతకం కావడానికి రోజులు పడుతుంది. అందుకే ఎస్టిమేట్ చేతికొచ్చేదాకా ఆగకుండా, ఆపరేషన్ మాట రాగానే అప్లై చేసేయండి.

ఎల్‌ఓసీ ఎంతకు వస్తుందో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2,80,000 అడిగితే 1,50,000కే రావచ్చు. అప్పుడు మిగతా 1,30,000 ఇంట్లో వాళ్లే చూసుకోవాలి. ఎల్‌ఓసీ పైసలు మీ చేతికి రావు, హాస్పిటల్‌కే పోతాయి.

ఎమర్జెన్సీ అని కరీంనగర్‌లో ప్రైవేట్ హాస్పిటల్‌కే తీసుకుపోయారు అనుకుందాం. అప్పుడు రెండో దారి. డిశ్చార్జ్ రోజే డిశ్చార్జ్ సమ్మరీ, ఫైనల్ బిల్లు, మందుల బిల్లులు, కట్టిన రసీదులు అన్నీ ఒరిజినల్ అడిగి తీసుకోండి. 2024 జూలై నుంచి అప్లికేషన్లు ఆన్‌లైన్ అయ్యాయి. ఎమ్మెల్యే, ఎంపీ లాంటి ప్రజాప్రతినిధుల ఆఫీసు వాళ్లే సిఫార్సు లెటర్‌తో cmrf.telangana.gov.in లో అప్‌లోడ్ చేస్తారు. అప్పుడొచ్చే కోడ్ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, ఆ కోడ్ మీదే ఒరిజినల్ బిల్లులు సెక్రటేరియట్‌కు పోతాయి. ఇచ్చేముందు ప్రతి కాగితాన్నీ స్కాన్ చేసుకోండి.

బిల్లులు నిజమేనా అని హాస్పిటల్‌తో సరిచూస్తారు. 2024లోనే దొంగ బిల్లులతో సీఎంఆర్‌ఎఫ్ పైసలు తీసుకున్నారని కొన్ని ప్రైవేట్ హాస్పిటళ్ల మీద సీఐడీ కేసులు పెట్టింది. అందుకే "బిల్లు పెంచి రాయిస్తా, వచ్చినదాంట్లో సగం ఇయ్యి" అనే మధ్యవర్తి మాట వినకండి. కేసులో మీ పేరూ వస్తుంది.

చాలాసార్లు ఫైల్ ఆగేది చిన్న తేడాల దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరుతో ఉంటుంది, హాస్పిటల్‌లో ఒట్టి పేరు రాయిస్తారు. అడ్మిషన్ అప్పుడే ఆధార్ చూపించి అక్షరం తేడా లేకుండా రాయించండి. బ్యాంకు అకౌంట్ నంబర్ కూడా అంతే, చెక్కు మీద ఆ నంబర్ ప్రింట్ అయి వస్తుంది, ఇంకో అకౌంట్‌లో వేయడం కుదరదు. నాన్న అకౌంట్ వాడక ఆగిపోయి ఉంటే ముందే కేవైసీ చేయించండి. చెక్కు మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. శాంక్షన్ అయిందని తెలిస్తే ఆఫీసుకు పోయి చెక్కు తెచ్చి, అదే వారంలో బ్యాంకులో వేసేయండి.