అడుగు అరలోని పద్నాలుగు చీరలు

ఆషాఢం వచ్చిందంటే బట్టల షాపుల ముందు ఒకటే మాట వేలాడుతుంది: భారీ తగ్గింపు. ఆ నెల పెళ్లిళ్లు ఉండవు, కొత్త కోడళ్లు పుట్టింటికి వెళ్తారు, కౌంటర్లు బోసిపోతాయి. ఆ వెనకే శ్రావణం. వరలక్ష్మీ వ్రతానికి, పెళ్లి ముహూర్తాలకు కొత్త సరుకు దిగాలంటే అరల్లో చోటు కావాలి, చేతిలో డబ్బాడాలి. సేల్ పెట్టడంలో తప్పేమీ లేదు. ఏ చీర ఎందుకు మిగిలిందో చూడకుండా షాపు మొత్తానికి ఒకే బోర్డు కట్టడంతోనే చిక్కంతా మొదలవుతుంది.

ఓ చీరల షాపు ఉందనుకుందాం. ఓ రకం చీరలు నలభై తెచ్చారు. కొన్నది 2,400కి, అమ్మేది 3,600కి. మొదటి నాలుగు నెలల్లో ఇరవై ఆరు పోయాయి. పద్నాలుగు మిగిలాయి. ఆ తర్వాత కొత్త లాట్ వచ్చి వాటిమీద కూర్చుంది, అవి అడుగు అరలోకి జారాయి. సేల్స్ అబ్బాయి చేయి ఎప్పుడూ పై వరసకే పోతుంది కాబట్టి ఇక వాటిని ఎవరికీ చూపించలేదు.

‘ఉంటే ఉన్నాయిలే, ఎప్పటికైనా పోతాయి’ అనుకోవడం యజమానికి సహజం. తిండి అడగవు కదా అనిపిస్తుంది. కానీ అడుగుతాయి. ఆ పద్నాలుగు చీరల్లో 33,600 రూపాయలు ఇరుక్కున్నాయి. నూటికి రూపాయిన్నర వడ్డీ వేసుకున్నా నెలకు 504 రూపాయలు, ఏడాదికి ఆరు వేలు దాటుతుంది. వడ్డీ చిన్న సంగతి. కదిలే రకంలో పెట్టిన 2,400 నాలుగు నెలలకోసారి తిరిగితే ఏడాదిలో మూడుసార్లు 1,200 చొప్పున మిగులుస్తుంది. అడుగున పడ్డ చీర ఆ 3,600 రానివ్వకుండా కూర్చుంది. కొన్నధరకు మూడు నాలుగు వందలు తక్కువైనా అమ్మడానికి మనసొప్పని యజమాని దానికి పదింతలు వదులుకుంటున్నాడు. అది లెడ్జర్‌లో ఎక్కడా నష్టంగా కనిపించదు, అందుకే నొప్పి తెలియదు.

సరుకు వయసు తెలియాలంటే ట్యాగ్ మీద కొన్న నెల ఉండాలి. చాలా షాపుల్లో కొన్నధరను రహస్య అక్షరాల్లో రాసుకుంటారు. దాని పక్కనే నెల, సంవత్సరం కూడా వేస్తే చాలు. ట్యాగ్ లేకపోయినా చీర చెప్పేస్తుంది. అరలో బయటికి కనిపించే మడత అంచును, లోపలి మడతతో కలిపి వెలుతురులో పెట్టి చూడండి. ట్యూబ్‌లైటు వెలుగు, వీధిలోంచి వచ్చే ఎండ తగిలిన ఆ గీత దగ్గర రంగు ఒక ఛాయ వెలిసి ఉంటుంది. పట్టులో అయితే జరీ నల్లబడుతుంది, మడత గీత బిగుసుకుని పోతుంది.

తగ్గింపు గురించి ఆలోచించే ముందు ఆ పద్నాలుగింటినీ బయటికి తీసి, విప్పి, దులిపి, మడతలు మార్చి కౌంటర్ మీద పెట్టాలి. వీటిలో కొన్ని బతికే ఉంటాయి, కంటికి ఆనలేదంతే. రెండు మూడు వారాలు అసలు ధరకే ముందు వరసలో ఉంచితే మూడు పోయాయనుకుందాం. ఈ పని చేయకుండా నేరుగా స్టిక్కర్ మార్చేవాళ్లు పూర్తి ధరకు పోయేదాన్ని కూడా చేతులారా తగ్గించుకుంటున్నారు.

మిగిలిన పదకొండింటిని విడివిడిగా చూస్తే అవన్నీ ఒక్క రకం కాదని తెలుస్తుంది. మూడింటికి లోపం ఉంది: ఒకదానికి మడత మీద రంగు వెలిసింది, ఇంకోదానికి అంచులో పేక పోగు తప్పింది, మూడోదానికి కొంగు మీద చిన్న మరక. ఎనిమిదింటికి ఏ లోపమూ లేదు, జనానికి ఆ రంగు నచ్చలేదు, అంతే. ఈ రెండు గుంపుల్నీ ఒకే కుప్పలో పోయడం ఆషాఢం సేల్‌లో జరిగే పెద్ద పొరపాటు. మంచి చీర పక్కన మరక చీర ఉంటే, కొనేవాళ్లు మంచిదాన్ని కూడా తిరగేసి మరక కోసం వెతుకుతారు.

లోపం లేని ఎనిమిదింటికి ఒకేసారి, గట్టిగా తగ్గించాలి. ముందు పది శాతం, నెలకు ఇరవై, ఆపై ముప్పై అంటూ మెట్లు దిగితే కొనేవాళ్లు తర్వాతి మెట్టు కోసం ఆగడం నేర్చుకుంటారు. మొదటిసారే 2,700 చేస్తే, అంటే పాతిక శాతం తీస్తే, రంగుతో పెద్దగా పేచీ లేనివాళ్లు కదులుతారు. రెండు వారాలు గడిచినా ఒక్కటీ పోకపోతే అడ్డం ధర కాదు, ఆ రంగో డిజైనో. ఇంకో ఐదు శాతం తగ్గించి ప్రయోజనం లేదు, దారి మార్చాలి. ఇక్కడ ఐదు పోయి మూడు మిగిలాయని అనుకుందాం.

ఇదే పాతిక శాతం షాపు మొత్తానికి ఇస్తే ఏమవుతుందో చూడండి. 3,600 చీర మీద 1,200 మిగిలేది, 2,700కి అమ్మితే 300 మిగులుతుంది. అంటే కదిలే సరుకులో మునుపటంత సంపాదించాలంటే నాలుగింతలు అమ్మాలి. అందుకే కొందరు సేల్‌కు ముందు స్టిక్కర్ ధర పెంచి ఆపైన తగ్గిస్తారు, ఇంకొందరు సేల్ కోసమే నాసిరకం సరుకు దింపుతారు. పరువు పోయేది ఇలాంటి చోటే. మన ఆడవాళ్లకు పోగు పట్టుకుంటే తెలిసిపోతుంది, పైగా పోయిన నెల అదే చీర ధర అడిగి వెళ్లినవాళ్లు ఊళ్లోనే ఉంటారు.

పూర్తి ధర పెట్టి కొన్నవాళ్ల సంగతి మరీ ముఖ్యం. వైశాఖంలో పెళ్లికని 3,600 పెట్టి కొన్నావిడ ఆషాఢంలో అదే చీర సగం ధరకు చూస్తే మళ్లీ ఆ షాపు మెట్లెక్కదు. కాబట్టి ఈ సీజన్‌లో దింపిన సరుకును తగ్గింపులో కలపకూడదు. ‘పోయిన ఏడాది సరుకు’ అని విడిగా బల్ల పెట్టి, బోర్డు మీద ఆ మాటే రాసి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో చెప్పి, ఆ తేదీకి తీసేయాలి. గాంధీ జయంతికి ఖాదీ భండార్లలో ఇచ్చే రిబేటు ఇందుకు మంచి ఉదాహరణ. ఎప్పుడు తగ్గిస్తారో, ఎందుకు తగ్గిస్తారో అందరికీ తెలుసు. ఖాదీ చవకబారుదని ఎవరూ అనుకోలేదు. అయితే ఖాదీ ఏదైనా అక్టోబరులోనే కొందాంలే అనుకునేవాళ్లూ తయారయ్యారు. మంచి సరుకంతా సేల్‌లో పెట్టకపోవడానికి అది రెండో కారణం.

మిగిలిన మూడింటికి మన దగ్గర చక్కటి దారి ఒకటి ఉంది: పెట్టుబడి చీరలు. పెళ్లికో గృహప్రవేశానికో చుట్టాలకు పెట్టడానికి ఐదో పదో ఒకేసారి కొనేవాళ్లకు ఒకే రంగు అక్కర్లేదు, రంగులు వేరుగా ఉంటేనే మేలు. చూడ్డానికి విలువ మాత్రం సమానంగా ఉండాలి, లేకపోతే ‘ఆడపడుచుకు ఒకలా, మాకొకలా పెట్టారు’ అన్న మాట వస్తుంది. ఆ మాట పడ్డ ఇల్లాలు షాపువాణ్ని కూడా గుర్తుపెట్టుకుంటుంది. అందుకని వేర్వేరు లాట్లలో మిగిలిన ఒంటి చీరల్లోంచి అదే ధర తరగతివి ఐదేసి ఏరి కట్ట కట్టాలి. అలా చేస్తే మన మూడు చీరలు ఒక్కోటి 1,900 లెక్కన పోతాయి. ఏ చీర విడి ధరా బయటికి చెప్పాల్సిన పని లేదు. కట్ట విప్పి ఒక్కటి ఇమ్మంటే ఇవ్వకూడదు. ఒకసారి ఇస్తే ఆ చీర ధర 1,900 అని బజారుకు తెలిసిపోతుంది, మిగతా కౌంటర్లో అదే నేత చీరకు 3,600 చెప్పడం కష్టమవుతుంది.

కట్టలో అన్నీ పోనివే పెడితే కట్ట కూడా పోదు. కొనేవాళ్లు వెతుక్కుంటూ వచ్చే వస్తువు ఒకటైనా ఉండాలి. ఒంటి చీరకైతే ధర కోయకుండా ఫాల్, పీకో ఉచితంగా కుట్టించి ఇవ్వచ్చు. షాపుకు పెద్దగా ఖర్చవదు, కొనేవాళ్లకు దర్జీ దగ్గరికి తిరిగే పని తప్పుతుంది, ట్యాగ్ మీద ధర అలాగే ఉంటుంది.

ఇక లోపం ఉన్న మూడు. సెకండ్స్ అమ్మకంలో లోపాన్ని కొనేవాళ్లు కనిపెట్టేలోపు మనమే చూపించాలి. లోపం ఉన్నచోట చిన్న రంగు దారం ముడి వేసి, బిల్లు మీద ‘సెకండ్స్, అంచులో పోగు తప్పింది’ అని రాయాలి. కౌంటర్‌లో అబ్బాయి, “ఇదిగోనమ్మా, ఈ మడత దగ్గర కాస్త వెలిసింది, అందుకే పదిహేను వందలు. కట్టుకుంటే కుచ్చిళ్లలోకి పోతుంది, కనపడదు” అని విప్పి చూపిస్తే బేరం అక్కడే ముగుస్తుంది. షాపు పేరున్న పెట్టెలో మాత్రం పెట్టివ్వకూడదు, మామూలు సంచి చాలు. ‘అమ్మిన సరుకు వాపసు లేదు’ అన్న బోర్డు ఇక్కడ కాపాడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువేదీ రాయకపోతే, లోపం ఉన్న వస్తువును ముప్పై రోజుల్లోపు తెస్తే వెనక్కి తీసుకోననడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. లోపం ముందే చెప్పి బిల్లులో రాసిన షాపుకు చెప్పుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

సెకండ్స్‌లో కూడా పెట్టకూడని సరుకు ఒకటుంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టుచీరను మడత గీతకు రెండు వైపులా బొటనవేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. సన్నగా చిటపటమన్నా, పోగులు విడిపడినా ఆ చీర మొదటి కట్టుకే చీలుతుంది. అయిదు వందలకు అమ్మినా తిట్లు తప్పవు. బాగున్న భాగం కోసి పిల్లల పరికిణీలకు ఇవ్వడమో, అసలు జరీ అయితే పాత పట్టుచీరలు కొనేవాళ్లకు తూకానికి ఇవ్వడమో మేలు. పరువు కాపాడుకోవాలని తగలబెట్టే కంపెనీలు కూడా ఉన్నాయి. బ్రిటన్‌కు చెందిన బర్బెరీ ఏడాదిలో 2 కోట్ల 86 లక్షల పౌండ్ల విలువైన సరుకు నాశనం చేసినట్టు 2018లో బయటపడింది. జనం మండిపడటంతో ఆ ఏడాది సెప్టెంబరులో ఆ పద్ధతి మానేస్తున్నట్టు ప్రకటించింది.

మన షాపు లెక్కకు వద్దాం. పన్ను పక్కన పెడితే, పూర్తి ధరకు పోయిన మూడింటికి 10,800, తగ్గింపులో ఐదింటికి 13,500, పెట్టుబడి కట్టల్లో మూడింటికి 5,700, సెకండ్స్ మూడింటికి 4,500. మొత్తం 34,500. పెట్టుబడి తిరిగొచ్చి పైన 900 మిగిలింది. పద్నాలుగింటినీ సగం ధర బోర్డు కింద కుప్ప పోసి ఉంటే 25,200 వచ్చేది. తగ్గింపులన్నీ బిల్లులోనే చూపించాలి. అలా చూపిస్తే జీఎస్టీ తగ్గించిన ధర మీదే పడుతుంది.

ఎనిమిది చీరలు ఏ రంగులో మిగిలాయో రాసుకోవడం చివరి పని. వాటిలో ఆరు ఒకే ఆవాలు రంగు అని తేలితే, నేత సొసైటీకి వచ్చే ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఆ రంగు పదికి బదులు మూడే చెప్పచ్చు, తక్కినవి అమ్మకం చూసి మళ్లీ తెప్పించుకోవచ్చు. ఆషాఢం బల్ల మీదికి వచ్చే ఏడాది ఎన్ని చేరతాయో ఆ ఆర్డర్ రోజునే తేలిపోతుంది.