ముహూర్తం పదిహేను నిమిషాలు చూపించమనండి

పెళ్లి వీడియో మాట్లాడుకోవడానికి స్టూడియోకి వెళ్తే మొదట చూపించేది టీజర్. పైనుంచి డ్రోన్‌లో కల్యాణమండపం, పెళ్లికూతురి గాజులు, స్లో మోషన్‌లో జారే తలంబ్రాలు, వెనక ఓ సినిమా పాట. రెండు నిమిషాల్లో అయిపోతుంది. బాగుంటుంది, బాగుండక ఏం చేస్తుంది? ఏడెనిమిది గంటలు తీసినదాంట్లోంచి రెండు నిమిషాలు ఏరుకుంటే ఎవరి పనైనా బాగానే కనిపిస్తుంది. టీజర్‌ని బట్టి ఎడిటర్ చెయ్యి ఎలాంటిదో తెలుస్తుంది గానీ, ముహూర్తం వేళ కెమెరా పట్టుకున్న మనిషి ఏం చేస్తాడో తెలియదు.

అందుకని ఒక పెళ్లి పూర్తి వీడియో అడగాలి. అదీ మన పెళ్లిలాంటిదే అయితే మేలు. మనది రాత్రి ముహూర్తం, ఏసీ హాలు అయితే, పొద్దున ఆరుబయట పందిట్లో తీసినది చూసి లాభం లేదు. దాన్ని మొత్తం చూడక్కర్లేదు. జీలకర్ర బెల్లానికి ముందూ వెనకా కలిపి పదిహేను నిమిషాలు చూస్తే చాలు.

తెనాలిలో ఒక తండ్రి కూతురి పెళ్లికి రెండు స్టూడియోలు చూశాడనుకుందాం. రాత్రి పదకొండింటికి ముహూర్తం. మొదటివాళ్లు 70 వేలు, రెండోవాళ్లు 85 వేలు చెప్పారు. టీజర్లు చూస్తే మొదటిదే మెరుగ్గా ఉంది. పూర్తి వీడియోలు పెట్టించాక లెక్క మారింది. మొదటిదాంట్లో అడ్డుతెర తీసే క్షణానికి ఫొటోగ్రాఫర్ వీపు ఫ్రేమంతా కమ్మేసింది. గట్టిమేళం మోగగానే శబ్దం బద్దలై గరగరమంది. ఆ వెంటనే మంత్రాలు పోయి పాట మొదలైంది. ఆడియో పాడైనచోట పాట వేసి కప్పేయడం ఈ పనిలో మామూలే. రెండోదాంట్లో పక్కనుంచి ఒక కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంది, ఇంకోటి చేతిలో తిరుగుతోంది. పంతులుగారి మాట స్పష్టంగా వినిపిస్తోంది, అంటే ఆయన కండువాకి చిన్న మైకు తగిలించారన్నమాట.

ఇంకోటి వెలుతురు. వేదిక వెనక ఎల్ఈడీ తెర మీదో, లైట్లు పడ్డ గోడ మీదో నల్లటి చారలు పాకుతున్నాయేమో చూడండి. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. కెమెరా షటర్‌ని దానికి కుదిరేలా యాభయ్యో వంతు సెకను దగ్గరో, వందో వంతు దగ్గరో పెట్టకపోతే కొన్ని లైట్ల కింద ఇలా చారలొస్తాయి. ఎల్ఈడీ తెరలకైతే అక్కడికక్కడ ఇంకాస్త సర్దుకోవాలి. ఒకసారి రికార్డయ్యాక ఆ చారల్ని శుభ్రంగా తీసేయడం చాలా కష్టం. శాంపిల్‌లో అవి కనిపించాయంటే తీసినవాడు మండపంలో తన తెరని సరిగ్గా చూసుకోలేదని అర్థం.

ఇదంతా నచ్చాక ఒక ప్రశ్న మిగులుతుంది: "ఇది తీసిందెవరండీ? మా పెళ్లికి ఆయనే వస్తారా?" సీజన్‌లో ఒకే ముహూర్తానికి స్టూడియో మూడు పెళ్లిళ్లు ఒప్పుకుంటుంది. రోజు కూలీకి బయటి కెమెరామెన్‌ని పిలిచి పంపుతుంది. తప్పేం కాదు, కాకపోతే మనం చూసిన పని ఒకరిది, వచ్చే మనిషి ఇంకొకరు కాకూడదు. వచ్చేవాళ్ల పేర్లు ఒప్పందం కాగితంలో రాయించుకోవాలి.

ఆ కాగితం మీద "ఫుల్ వీడియో" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. సినిమాటిక్ వీడియో అరగంటలో కథ చెబుతుంది. ట్రెడిషనల్ వీడియో తంతు మొత్తం వరసగా చూపిస్తుంది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ మొదటిది అడుగుతారు. ఇంట్లో అమ్మమ్మకి మాత్రం అక్షింతలు వేసిన ప్రతి చుట్టమూ కనిపించాలి, సినిమాటిక్‌లో ముందు కత్తెర పడేది వాళ్లకే. నన్నడిగితే డబ్బు తక్కువైనప్పుడు డ్రోన్ మానుకోవాలి గానీ ట్రెడిషనల్ మానుకోకూడదు. రెండూ కావాలంటే ఏది ఎంత నిడివో, ఏ రోజు ఎన్ని గంటలకి వచ్చి ఎప్పటిదాకా ఉంటారో, అప్పగింతలు అందులో ఉన్నాయో లేదో రాసుకోవాలి. తెల్లవారుజామున అప్పగింతల వేళకి "మా టైం అయిపోయిందండీ" అని సర్దుకునేవాళ్లు లేకపోలేదు.

ఎక్కువ పేచీ వచ్చేది రా ఫుటేజ్ దగ్గర. ఎడిట్ చేయకుండా కెమెరాలోంచి నేరుగా వచ్చిన ఫైళ్లే రా ఫుటేజ్. కెమెరా ఊగినవి, ఫోకస్ తప్పినవి అన్నీ అందులో ఉంటాయి కాబట్టి ఇవ్వడానికి స్టూడియోలు వెనకాడతాయి. పైగా లాగ్ అనే పద్ధతిలో తీసినవి బూడిదరంగులో పాలిపోయి ఉంటాయి, రంగులు తర్వాత ఎడిటింగ్‌లో తెస్తారు. అవి చూసి "వీడియో పాడైపోయింది" అని గొడవపడ్డ కుటుంబాలున్నాయి. స్లో మోషన్ ముక్కలకి చాలా కెమెరాల్లో శబ్దమే ఉండదు. ఇవన్నీ లోపాలు కావు. ఇన్ని ఉన్నా రా ఎందుకంటే, ఎడిటర్ వదిలేసిన తాతయ్య నవ్వు అందులోనే దొరుకుతుంది కనుక.

చోటు లెక్క కూడా ముందే వేసుకోవాలి. సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున 4కే వీడియో తీస్తే గంటకి సుమారు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు ఆరేసి గంటలు నడిస్తే 540 జీబీ. పెన్‌డ్రైవ్‌తో అయ్యే పని కాదు, ఒక టీబీ హార్డ్ డిస్క్ మనమే కొని ఇస్తే "కాపీ ఖర్చు" అనే మాట రాదు. తెనాలి తండ్రి అదే చేశాడు. 85 వేలవాళ్లు రాకి విడిగా పదివేలు అడిగితే, డిస్క్ తనే తెచ్చి, డ్రోన్ తీసేయించి, అదే 85 వేలకి ఒప్పించాడు.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, సినిమాకి వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాళ్లే తొలి హక్కుదారు. వేరే ఒప్పందం లేకపోతే అన్నచోటే మెలిక ఉంది. స్టూడియో ఇచ్చే రసీదు వెనక చిన్న అక్షరాల్లో హక్కులు తమవని రాసుకుని ఉండొచ్చు, సంతకం ముందే చదవాలి. మన అమ్మాయి వీడియోని వాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవచ్చా లేదా అన్నదీ అక్కడే తేల్చుకోవాలి.

ఇక గడువు. మాఘంలో తీసిన వీడియో శ్రావణం దాకా రాలేదనే మాట ఊరూరా వినిపిస్తుంది. తప్పంతా స్టూడియోదే కాదు. పాటలు ఎంచి చెప్పమంటే పెళ్లివారు రెండు నెలలు తాత్సారం చేస్తారు, మార్పులు విడతలు విడతలుగా చెబుతారు. తెనాలి కాగితంలో ఇలా రాసుకున్నారు: టీజర్ పది రోజుల్లో, పాటలు వారంలో మేం చెబుతాం, చెప్పిన 45 రోజులకి వీడియోలు, మార్పులు రెండు విడతలు మాత్రమే. డబ్బు ముందు 25 వేలు, పెళ్లిరోజు 35 వేలు, మిగతా 25 వేలు అన్నీ చేతికొచ్చాక. పెళ్లి హడావుడిలో మొత్తం ఇచ్చేస్తే తర్వాత ఫోన్లు చేయడమే మన పని.

ఇంకో షరతు కూడా పెట్టారు. కార్డులోని ఫైళ్లు రెండు చోట్ల కాపీ అయ్యేదాకా ఆ కార్డుని మరో పెళ్లికి వాడకూడదు, అన్నీ అప్పగించేదాకా ఆ కాపీలు చెరపకూడదు. హార్డ్ డిస్క్ చేతికొచ్చిన రోజు స్టూడియోలోనే కంప్యూటర్‌కి తగిలించి, రెండు కెమెరాల ఫోల్డర్లూ తెరిచి, ముహూర్తం ఫైలూ అప్పగింతల ఫైలూ కాసేపు ఆడించి శబ్దం విన్నాకే ఆ ఆఖరి 25 వేలు ఇవ్వాలి.